ఓపెన్ బుక్ పరీక్షకు ఆచూకీ పత్రం: కాంక్రీటు డిజైను ఉదాహరణగా

అనంతపురం ప్రాంతంలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో సివిల్ విద్యార్థులకు కాంక్రీటు డిజైను బోధిస్తాను. మా తరగతిలో ఒక అంతర్గత పరీక్షను పుస్తకాలు అనుమతించే పద్ధతిలో పెడతాను. విద్యార్థి తన వెంట కాంక్రీటు కట్టడాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 456:2000 కోడ్‌ను, ఎస్‌పీ 16 డిజైను పట్టికల పుస్తకాన్ని, తన చేత్తో రాసుకున్న ఒకే ఒక ఏ4 కాగితాన్ని తెచ్చుకోవచ్చు. కాగితానికి రెండు వైపులా రాసుకోవచ్చు. పుస్తకాలు అందరికీ ఒకటే కనుక, పరీక్ష గదిలో ఒకరికీ మరొకరికీ తేడా చూపేది ఆ కాగితమే. దాన్ని ఎలా తయారు చేసుకోవాలన్నదే ఈ వ్యాసంలోని విషయం.

మొదటి ఏడాది నా దగ్గరకు వచ్చిన కాగితాలు చాలావరకు ఒకే తీరుగా ఉన్నాయి. చీమ తలకాయంత అక్షరాలతో అంచులు కూడా మిగలకుండా నింపారు. కొందరు సప్తగిరి సర్కిల్ దగ్గరి జెరాక్స్ దుకాణంలో పేజీలను సగానికి తగ్గించి తీయించుకుని, వాటిని చూసి తిరగరాశారు. ఒక విద్యార్థి కోడ్‌లోని 19వ పట్టికను మొత్తంగా ఎత్తి రాశాడు. కాంక్రీటు ఎంత షియర్‌ను, అంటే అడ్డంగా కోసే బలాన్ని, తట్టుకుంటుందో చెప్పే ఆ పట్టికలో 13 వరుసలు, 6 నిలువు గడులు, అంటే 78 అంకెలు ఉంటాయి. అంత శ్రమపడి రాసిన అంకెల్లో రెండు తప్పుగా పడ్డాయి. అసలు పట్టిక అచ్చులో, తప్పు లేకుండా, అతని చేతి కిందే ఉంది. అతనికి లోపించింది ఆ పట్టిక ఎక్కడుందో, దానిలోకి ఏ విలువతో దిగాలో చెప్పే ఒక్క వాక్యం. అలాంటి వాక్యాలతో నిండిన కాగితాన్నే నేను ఆచూకీ పత్రం అంటున్నాను.

పుస్తకం చేతిలో ఉన్నా వెతకడం ఎందుకు కష్టమవుతుందో ముందు అర్థం చేసుకోవాలి. ఐఎస్ 456 వంద పేజీల పుస్తకం, పెద్దదేమీ కాదు. కానీ దాని అమరిక వేరు, ప్రశ్న నడిచే తీరు వేరు. కోడ్‌లో 18 నుంచి 27 వరకు ఉన్న క్లాజులు అన్ని రకాల సభ్యాలకూ వర్తించే సాధారణ నియమాలను చెబుతాయి. 28 నుంచి 34 వరకు ప్రత్యేక సభ్యాల నియమాలు వస్తాయి. 35 నుంచి 43 వరకు లిమిట్ స్టేట్ పద్ధతిలో బలాన్ని లెక్కించే సూత్రాలు ఉంటాయి. ప్రశ్నపత్రం మాత్రం ‘ఈ బీమును డిజైన్ చేయుము’ అని అడుగుతుంది. బీము షియర్ బలం 40వ క్లాజులో దొరుకుతుంది. అదే బీములో ప్రధాన కడ్డీలను చుట్టే రింగుల మధ్య దూరం ఎంత మించకూడదన్నది 26వ క్లాజులో, దాదాపు పాతిక పేజీలు వెనక్కి ఉంటుంది. కోడ్ రాసినవారికి ఈ విభజన సబబైనదే, ఎందుకంటే బలం లెక్క వేరు, కడ్డీల అమరిక నియమం వేరు. పరీక్ష రాసే విద్యార్థికి మాత్రం అవి రెండూ ఒకే ప్రశ్నలో, ఒకే నిమిషంలో కావాలి. పైగా పుస్తకం మొదట్లో ఉన్న విషయసూచికలో 26.5 అనే పెద్ద శీర్షిక వరకే కనిపిస్తుంది, దాని కింద ఉన్న చిన్న క్లాజులు కనిపించవు. కాబట్టి ఆచూకీ పత్రం కోడ్ వరుసలో ఉంటే అది ఆ విషయసూచికకే నకలవుతుంది. ప్రశ్నను సాధించేటప్పుడు చేయి నడిచే వరుసలో ఉంటేనే దానితో పని జరుగుతుంది.

ఒక లెక్కను చివరిదాకా చూస్తే ఈ మాట తేటపడుతుంది. కడప శివారులో కడుతున్న ఒక ఇంట్లో హాలు మీద, రెండు వైపులా గోడలపై ఆనే బీము ఉందనుకుందాం. తొమ్మిది అంగుళాల గోడ కనుక వెడల్పు 230 మి.మీ.; మొత్తం లోతు 450 మి.మీ., పై అంచు నుంచి ప్రధాన కడ్డీల మధ్య వరకు ఉండే ఎఫెక్టివ్ డెప్త్ 410 మి.మీ.; స్పాను 4.3 మీటర్లు. కాంక్రీటు గ్రేడు ఎం20, ఉక్కు గ్రేడు ఎఫ్‌ఈ415. భద్రతా గుణకం కలిపిన తర్వాత బీము మీద మీటరుకు 32.5 కిలోన్యూటన్ల భారం పడుతుంది. దాని నుంచి మధ్యలో బెండింగ్ మూమెంట్ సుమారు 75 కిలోన్యూటన్-మీటర్లు, ఆనిక దగ్గర షియర్ సుమారు 70 కిలోన్యూటన్లు వస్తాయి. ఇంతవరకు పుస్తకంతో పని లేదు.

మొదటిసారి పుస్తకం తెరవాల్సింది ప్రధాన కడ్డీల కోసం. మూమెంట్‌ను వెడల్పు b తో, ఎఫెక్టివ్ డెప్త్ d వర్గంతో భాగిస్తే Mu/bd² విలువ 1.94 వస్తుంది. ఎస్‌పీ 16లో 2వ పట్టిక ఎం20 కాంక్రీటుది, అందులో 1.94 ఎదురుగా ఎఫ్‌ఈ415 గడిలో చూస్తే ఉక్కు శాతం 0.616 దగ్గర దొరుకుతుంది. అంటే 581 చ.మి.మీ. ఉక్కు కావాలి; 16 మి.మీ. కడ్డీలు మూడు వేస్తే 603 వస్తుంది, సరిపోతుంది. కనీస ఉక్కు నియమం 26.5.1.1లో ఉంది, అది ఇక్కడ 193 మాత్రమే అడుగుతుంది కనుక చింత లేదు.

అసలు చిక్కు షియర్ దగ్గర మొదలవుతుంది. షియర్‌ను bd తో భాగిస్తే 0.742 న్యూటన్/చ.మి.మీ. వస్తుంది. కాంక్రీటు ఒక్కటే ఎంత మోస్తుందో 19వ పట్టిక చెప్పాలి. అందులోకి దిగడానికి కావలసిన విలువ 100As/bd, అంటే వేసిన ఉక్కు శాతం; మన బీములో అది 0.64. పట్టికలో ఎం20 కింద 0.50 దగ్గర 0.48, 0.75 దగ్గర 0.56 ఉన్నాయి. మధ్యస్థంగా లెక్కగడితే 0.525. ఇది 0.742 కంటే తక్కువ కనుక మిగతా షియర్‌ను రింగులు మోయాలి. 8 మి.మీ. రింగులు, రెండు కాళ్లవి వేద్దామనుకుని 40.4లోని సూత్రంలో పెడితే రింగుల మధ్య దూరం 726 మి.మీ. అని వస్తుంది.

మా పరీక్షలో ఇలాంటి ప్రశ్నకు దాదాపు మూడో వంతు మంది 726ను 720గా తగ్గించి రాసి, కింద గీత గీసి వదిలేశారు. ఒకడు తర్వాత వచ్చి, ‘సార్, 40.4 ప్రకారమే చేశాను కదా’ అని బాధపడ్డాడు. చేసింది నిజమే. కానీ అదే రింగుకు ఇంకో రెండు నియమాలున్నాయి. 26.5.1.6 ప్రకారం కనీస షియర్ ఉక్కు ఉండాలి. దాని నుంచి దూరం 394 మి.మీ. మించకూడదని తేలుతుంది. 26.5.1.5 ప్రకారం నిలువు రింగుల దూరం 0.75d గానీ, 300 మి.మీ. గానీ, ఏది తక్కువైతే దాన్ని మించకూడదు, 0.75d ఇక్కడ 307 కనుక 300 నిలుస్తుంది. మొత్తమ్మీద 726, 394, 300 అనే మూడింటిలో చిన్నదే జవాబు. బీము మొత్తం పొడవునా 300 మి.మీ. దూరంలో రింగులు వేయాలి. 40.4 మాత్రమే చూసి, 726 దూరంలో రింగులు వేస్తే 4.3 మీటర్ల బీములో అవి ఏడు కూడా రావు. ఏ మేస్త్రీ అయినా ఆ డ్రాయింగును తిప్పి పంపుతాడు.

ఈ లెక్క నుంచి ఆచూకీ పత్రంలోని ఒక వరుస ఎలా ఉండాలో తెలుస్తుంది. ‘షియర్ – 40’ అని రాసుకుంటే ఆ విద్యార్థి చేసిన తప్పే మళ్లీ జరుగుతుంది, ఎందుకంటే ఆ వరుస అతన్ని సగం దారిలో దింపేస్తుంది. నేను రాయించే వరుస ఇలా ఉంటుంది:

బీము, రింగుల దూరం → 40.4 (ఎ), 26.5.1.6, 26.5.1.5 → మూడింట్లో చిన్నది.

దానికి పైన ఉండే వరుస:

కాంక్రీటు మోసే షియర్ → పట్టిక 19, పేజీ 73 → దిగే విలువ 100As/bd, వేసిన ఉక్కుతో → సాక్షి: 0.50, ఎం20 → 0.48.

ఈ రెండు వరుసల్లో ప్రతి ముక్కకూ ఒక కారణం ఉంది. మొదటి ముక్క, వెతికే మనిషి నోట వచ్చే మాట. కోడ్ శీర్షికలో ఆ విషయం ‘షియర్ రీయిన్‌ఫోర్స్‌మెంట్ గరిష్ఠ స్పేసింగ్’ అన్న అర్థంలో ఉంటుంది. పరీక్షలో తలలో మెదిలేది మాత్రం ‘రింగులు ఎంత దూరంలో వేయాలి’ అనే ప్రశ్న. మా ఊళ్లలో స్టిరప్పును కూలీలు, మేస్త్రీలు, విద్యార్థులు అందరూ రింగు అనే అంటారు. అందువల్ల వరుస రింగు అనే మాటతో మొదలైతే కన్ను దాని మీద వెంటనే ఆగుతుంది. కోడ్ భాషలో మొదలైతే తలలోని మాటను ముందు కోడ్ భాషలోకి మార్చుకోవాలి. ఆ మార్పిడి ఒక్కసారికి చిన్నదే, కానీ మూడు గంటల్లో ముప్పైసార్లు చేయాల్సి వస్తుంది.

రెండో ముక్క చిరునామా. క్లాజు సంఖ్య తప్పక ఉండాలి, ఎందుకంటే జవాబుపత్రంలో రాయాల్సింది అదే. దాని పక్కన పేజీ సంఖ్య కూడా ఉంటే చేయి త్వరగా కదులుతుంది. పేజీ సంఖ్యను మాత్రం మిత్రుడి కాగితం నుంచి కాకుండా, పరీక్షకు తీసుకెళ్లే తన సొంత ప్రతిని తెరిచి రాసుకోవాలి. ఎస్‌పీ 16 విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే విద్యార్థుల దగ్గర ఉండేవి చాలావరకు విడి విడిగా జెరాక్స్ తీయించి బైండు చేయించుకున్న ప్రతులు, వాటిలో పేజీలు కొన్ని లేకపోవడమో, వెనకా ముందూ కావడమో మామూలే.

మూడో ముక్కను చాలామంది రాసుకోరు, సమయం ఎక్కువగా పోయేది అక్కడే. పట్టిక దొరికినా దానిలోకి ఏ విలువతో దిగాలో తెలియకపోతే దొరకనట్టే. 19వ పట్టికలోకి దిగాల్సింది లెక్కలో కావలసి వచ్చిన 581తో కాదు, నిజంగా వేసిన 603తో. అందులోనూ ఆనిక దగ్గర వరకు కొనసాగే కడ్డీలనే లెక్కించాలి. మధ్యలో ఒక కడ్డీని ఆపేసి ఉంటే శాతం తగ్గుతుంది, కాంక్రీటు మోసే షియరూ తగ్గుతుంది. బీము కిందికి వంగే డిఫ్లెక్షన్‌ను సరిచూడటానికి వాడే 4వ పటం ఇంకా స్పష్టమైన ఉదాహరణ. దానికి ఉక్కు శాతం pt ఒక్కటే చాలదు, ఉక్కులోని ఒత్తిడి fs కూడా కావాలి. అది 0.58fy ని కావలసిన ఉక్కుతో గుణించి వేసిన ఉక్కుతో భాగిస్తే వస్తుంది. పటం ముందు కూర్చుని ‘ఏ గీత పట్టుకోవాలి’ అని ఆలోచించే రెండు నిమిషాలు, పత్రంలో ‘పటం 4, పేజీ 38 → pt, fs రెండూ’ అన్న చిన్న రాతతో మిగులుతాయి.

నాలుగో ముక్కను నేను సాక్షి విలువ అంటాను. ఇది అవసరమని నాకు పరీక్షల జవాబుపత్రాలే నేర్పాయి. ఐఎస్ 456 చివర్లో అనుబంధం బి ఉంది. అది పాత వర్కింగ్ స్ట్రెస్ పద్ధతికి సంబంధించినది. అందులో 23వ పట్టిక కూడా కాంక్రీటు షియర్ గురించే. ఎడమవైపు 100As/bd, పైన కాంక్రీటు గ్రేడులు, చూడటానికి అచ్చం 19వ పట్టికలాగే ఉంటుంది. వెనక నుంచి పేజీలు తిప్పుతూ వచ్చేవాడికి ముందు తగిలేది అదే. ఎం20కి 0.50 శాతం దగ్గర 19వ పట్టికలో 0.48 ఉంటే, 23వ పట్టికలో 0.30 ఉంటుంది. అక్కడి అంకెను తెచ్చి లిమిట్ స్టేట్ లెక్కలో పెడితే లెక్క ఎక్కడా ఆగదు, అసంబద్ధంగానూ కనిపించదు. రింగులు కాస్త ఎక్కువ వస్తాయి, అంతే. తప్పు తనంతట తాను బయటపడని చోట ఒక ముందస్తు గుర్తు కావాలి. ‘0.50, ఎం20 → 0.48’ అని పత్రంలో ఉంటే, పట్టిక తెరవగానే ఆ ఒక్క గడి చూసుకుని సరైన చోటికే వచ్చామా లేదా అన్నది ఒక్క చూపులో తేల్చుకోవచ్చు. 78 అంకెల పట్టికలో పత్రం మీద ఉండదగినది ఈ ఒక్క అంకె. ఇదే విధంగా ఎస్‌పీ 16లోని 2వ పట్టికకు ఎఫ్‌ఈ415 గడిలో చిట్టచివరి అంకె సాక్షిగా పనికొస్తుంది: Mu/bd² విలువ 2.76 దగ్గర శాతం 0.955. ఆ 2.76 దాటితే ఒంటి వైపు ఉక్కు చాలదన్న హెచ్చరిక కూడా అందులోనే ఇమిడి ఉంది.

కొన్నిసార్లు చిరునామాల జాబితా కంటే చిరునామాను లెక్కగట్టే చిన్న సూత్రం తక్కువ చోటు తీసుకుంటుంది. ఎస్‌పీ 16లో స్తంభాల పటాలు దీనికి మంచి ఉదాహరణ. భారం, మూమెంట్ రెండూ ఉన్న స్తంభాలకు 27 నుంచి 62 వరకు మొత్తం 36 పటాలున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా రాసుకుంటే కాగితంలో పావు వంతు పోతుంది. కానీ వాటి వరుసలో ఒక క్రమం ఉంది. చతురస్రం లేదా దీర్ఘచతురస్రపు స్తంభంలో రెండు వైపులా ఉక్కు ఉంటే పటాలు 27 దగ్గర మొదలవుతాయి, నాలుగు వైపులా సమానంగా ఉంటే 39 దగ్గర, గుండ్రటి స్తంభానికి 51 దగ్గర. ప్రతి గుంపులోనూ మొదటి నాలుగు ఎఫ్‌ఈ250వి, తర్వాతి నాలుగు ఎఫ్‌ఈ415వి, ఆ తర్వాతి నాలుగు ఎఫ్‌ఈ500వి. ప్రతి నాలుగింటిలో, స్తంభం అంచు నుంచి కడ్డీ మధ్య వరకు ఉన్న దూరాన్ని స్తంభం లోతుతో భాగించిన d'/D విలువ 0.05, 0.10, 0.15, 0.20 వరుసలో పెరుగుతుంది. కాబట్టి పత్రం మీద రాసుకోవాల్సింది ఒకే ఒక్క వరుస:

స్తంభం పటం = (27 రెండు వైపులు | 39 నాలుగు వైపులు | 51 గుండ్రం) + (0 | 4 | 8 ఉక్కు గ్రేడు) + (0 | 1 | 2 | 3 d'/D).

ఒకసారి వాడి చూద్దాం. 400 మి.మీ. చదరపు స్తంభం, నాలుగు వైపులా 20 మి.మీ. కడ్డీలు, ఎం20, ఎఫ్‌ఈ415. స్తంభంలో ప్రధాన కడ్డీకి కవరు 40 మి.మీ. తగ్గకూడదన్నది 26.4.2.1లోని మాట. కడ్డీ సగం మందం 10 కలిపితే d' 50 అవుతుంది. 400తో భాగిస్తే 0.125. ఇది 0.10కీ 0.15కీ మధ్యన ఉంది. కడ్డీలు ఎంత లోపలికి ఉంటే స్తంభం అంత తక్కువ మూమెంట్ మోస్తుంది కనుక పెద్ద విలువైన 0.15 తీసుకోవడం భద్రం. అప్పుడు 39, 4, 2 కలిపి 45వ పటం. ఆ పటంలోకి Pu/(fck·b·D), Mu/(fck·b·D²) అనే రెండు విలువలతో దిగుతాం. బయటికి వచ్చేది ఉక్కు శాతం కాదు, శాతాన్ని కాంక్రీటు బలం fck తో, ఇక్కడ 20తో, భాగించిన p/fck. 20తో గుణించడం మరచిపోతే 1.2 శాతం రావాల్సిన చోట 0.06 అని వస్తుంది. స్తంభంలో ఉక్కు 0.8 శాతానికి తగ్గకూడదని 26.5.3.1 చెబుతుంది గనుక జాగ్రత్తగల విద్యార్థి అక్కడ ఆగి అనుమానిస్తాడు, తొందరలో ఉన్నవాడు ‘కనీసం 0.8 వేద్దాం’ అని సాగిపోతాడు. అందుకని పైవరుస చివర ‘వచ్చేది p/fck, గుణించు’ అని రెండు మాటలు తప్పక చేరుస్తాను.

ఎస్‌పీ 16 విషయంలో ఇంకో పెద్ద ఉచ్చు ఉంది. దానికి పత్రం నెత్తిన చోటివ్వాలి. ఎస్‌పీ 16 వెలువడింది 1980లో. అప్పటికి ఉన్నది 1978 నాటి ఐఎస్ 456. ఈ రెండు కోడ్‌లకూ మధ్య సంఖ్యలు జరిగాయి. 1978 కోడ్‌లో బెండింగ్ 37, కంప్రెషన్ 38, షియర్ 39. నేటి కోడ్‌లో అవి వరుసగా 38, 39, 40. ఎస్‌పీ 16లో షియర్ గురించి చదువుతూ 39వ క్లాజు చూడమని ఉంటే నేటి కోడ్‌లో 39 తెరిచినవాడు స్తంభాల మధ్యకు చేరతాడు. పట్టికలూ అంతే, అప్పటి 13వ పట్టికే ఇప్పటి 19వది. సంఖ్యలు మారడం ఒక ఎత్తైతే, నియమాలే మారిన చోట్లు ఇంకో ఎత్తు. రింగుల గరిష్ఠ దూరం 1978 కోడ్‌లో 450 మి.మీ. వరకు ఉండేది, ఇప్పుడు 300. మన బీములో 0.75d ఏ 307 దగ్గరో ఆగింది కాబట్టి తేడా పెద్దగా కనిపించదు. కానీ 600 మి.మీ. డెప్త్ ఉన్న బీములో పాత నియమం 450 ఇస్తుంది, కొత్తది 300 ఇస్తుంది. కాబట్టి పత్రం పైభాగంలో ఈ మాట ఉండాలి: ‘ఎస్‌పీ 16 నుంచి పటాలు, పట్టికల లెక్కలే తీసుకోవాలి. దూరాలు, కనీసాలు, గరిష్ఠాలు కోడ్ నుంచే.’

అయితే పత్రం మీద విలువలేవీ రాయకూడదా అని అడిగితే, కొన్ని రాయాలనే అంటాను. నా కొలత ఒకటే: ఆ విషయం ఒక్క వరుసలో ఇమడాలి, పైగా దాదాపు ప్రతి ప్రశ్నలోనూ కావాలి. ఎఫ్‌ఈ250, 415, 500 ఉక్కులకు xu,max/d విలువలు 0.53, 0.48, 0.46 అలాంటివి. డిఫ్లెక్షన్‌కు స్పాను, డెప్త్ నిష్పత్తులు 7, 20, 26 కూడా అలాంటివే. కాంటిలివరు, రెండు చివరలా ఆనేది, కొనసాగేది అన్న వరుసలో. ఇవి పదీ పన్నెండు దాటితే పత్రం మళ్లీ పాఠ్యపుస్తకమయ్యే దారి పడుతుంది. రెండు దిశల స్లాబుల కోసం 26వ పట్టికలోని గుణకాలను మాత్రం రాసుకోకూడదు. అందులో తొమ్మిది రకాల అంచు పరిస్థితులున్నాయి, ప్రతి రకానికీ ఎన్నో గుణకాలు. దానికి చిరునామా, దిగే విలువ అయిన పొడవు, వెడల్పుల నిష్పత్తి ly/lx, చివరి గడి పెద్ద దిశకు అన్ని నిష్పత్తులకూ ఒకటేనన్న మాట చాలు. మూలలు పైకి లేవకుండా పట్టి ఉంచని స్లాబుకు వాడాల్సింది 27వ పట్టిక అన్నది దాని కిందే ఉంచాలి, ఎందుకంటే ఆ రెండింటినీ ఒకదానికి బదులు ఒకటి వాడటం తరచుగా చూస్తాను.

పునాదుల దగ్గర కూడా షియర్ చిక్కే మళ్లీ ఎదురవుతుంది. ఒక దిశ షియర్‌ను స్తంభం ముఖం నుంచి d దూరంలో చూడమని 34వ క్లాజు చెబుతుంది, స్తంభం పునాదిని చొచ్చుకుపోయే షియర్‌ను d/2 దూరంలో చూడమని 31.6 చెబుతుంది. రెండూ ఒకే వరుసలో పక్కపక్కన ఉండాలి.

కాగితం అమరిక గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ముందువైపు బీము, స్లాబు, స్తంభం, పునాది అనే నాలుగు గడులు, ప్రతి గడిలో లెక్క నడిచే వరుసలో ఆరేడు వరుసలు. వెనకవైపు ఎస్‌పీ 16 పటాలు, పట్టికలు, ఉచ్చులు. ఎడమ అంచున వెతికే మాటలు ఒకే నిలువు గీతలో పడేలా రాస్తే కన్ను కిందికి జారుతూ పట్టుకోగలదు. నేను సూచించేది చేయి చాచిన దూరంలో చదవగలిగినంత అక్షరం. వంగి చదవాల్సి వస్తే వరుసలు ఎక్కువయ్యాయని అర్థం. రంగు పెన్నులు వాడితే ఒక్క రంగు చాలు, అది ఉచ్చులకు మాత్రమే.

పత్రం పనిచేస్తుందో లేదో ఇంట్లో కూర్చుని చూసుకుని చెప్పలేం. మా విద్యార్థులు ఇద్దరిద్దరుగా కూర్చుని పరీక్షిస్తారు. ఒకరు పాత ప్రశ్నల్లోంచి ఒక అవసరాన్ని మాత్రమే చదువుతారు: ‘స్లాబులో ప్రధాన కడ్డీల మధ్య గరిష్ఠ దూరం?’ రెండోవారు పత్రం చూసి, పుస్తకం తెరిచి, 26.3.3 మీద వేలు పెట్టేంతవరకు ఫోనులో సెకన్లు కొలుస్తారు. ఇరవై అవసరాలు ఇలా అడిగితే చాలు. అరనిమిషం దాటిన ప్రతి దాన్ని పక్కన పెట్టి, ఆలస్యం ఎక్కడ జరిగిందో చూడాలి. పత్రం మీదే కన్ను తడబడితే మొదటి మాట తప్పు, మార్చాలి. పత్రం నుంచి పుస్తకానికి వెళ్లాక ఆలస్యమైతే పేజీ సంఖ్య లేదు, లేదా తప్పు. పేజీ దొరికాక ఆలస్యమైతే దిగే విలువ రాసుకోలేదని అర్థం. తెరవకుండానే జవాబు చెప్పేస్తే ఆ వరుస ఇక అవసరం లేదు, కొట్టేయవచ్చు. మొదటి విడతలో ముప్పై వరుసలతో మొదలైన పత్రం మూడో విడతకు ఇరవై రెండు, ఇరవై మూడుకు దిగడం సాధారణంగా చూస్తున్నాను. ఖాళీ అయిన చోటును మళ్లీ నింపాలన్న తపనను ఆపుకోవడమే వాళ్లకు అన్నిటికన్నా కష్టమవుతోంది.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. విశ్వవిద్యాలయ పరీక్షల్లో సాధారణంగా రాతలు లేని కోడ్ పుస్తకాన్నే అనుమతిస్తారు, విడి కాగితం లోపలికి రాదు. పుస్తకంలో పెన్సిలు గుర్తు ఉన్నా ఇన్విజిలేటరు తీసుకోవచ్చు. హాల్ టికెట్టుతో పాటు ఇచ్చే నియమాలు, ప్రశ్నపత్రం మీది వాక్యం చదివిన తర్వాతే ఏది తీసుకెళ్లాలో నిర్ణయించుకోవాలి. కాగితం లోపలికి రాని పరీక్షకు కూడా ఈ పత్రం తయారీ వృథా కాదు. ఇరవై వరుసలను సెకన్లతో కొలుచుకుంటూ మూడు విడతలు చేసినవాడికి రింగుల దూరం అనగానే 40.4, 26.5.1.6, 26.5.1.5 మూడూ కలిసే గుర్తుకొస్తాయి. రెండో హద్దు కూర్పుది. చిరునామాలన్నీ 2000 నాటి కూర్పువి. కోడ్ కొత్త కూర్పు చేతికొచ్చిన రోజున, ఎస్‌పీ 16కీ 2000 కోడ్‌కూ మధ్య జరిగినట్టే, ఈ పత్రంలోని సంఖ్యలు జరగవచ్చు. అందువల్ల పత్రం మొదటి వరుసలో పేరుకంటే ముందు ‘ఐఎస్ 456:2000 ప్రకారం’ అని రాయిస్తాను. జూనియర్‌కు ఆ కాగితం చేతులు మారినప్పుడు అతను మొదట సరిచూసుకోవాల్సింది తన పుస్తకం అట్ట మీది సంవత్సరాన్నే.